స్లైడ్‌లో ఉన్నంతే ప్రెస్ నోట్‌లో

కంపెనీ కొత్త ఉత్పత్తిని ప్రకటించేటప్పుడు ముందుగా ప్రెజెంటేషన్ తయారవుతుంది. దాన్ని చూసి పీఆర్ విభాగంలో ఒకరు ప్రెస్ నోట్ రాస్తారు. విలేకరులకు అందేది ఆ నోటే. చాలాసార్లు పెద్దగా మార్పులు లేకుండా అచ్చయ్యేదీ అదే. స్లైడ్ చూపించేటప్పుడు వివరించడానికి పక్కన మనిషి ఉంటాడు, అడుగున చిన్న అక్షరాల్లో షరతు ఉంటుంది. పత్రిక చదివేవారికి ఈ రెండూ కనిపించవు. కాబట్టి ఆ షరతును వాక్యంలోకి తేవడమే నోట్ రాసేవారి అసలు పని.

ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ కంపెనీ ప్రెజెంటేషన్ చేతికొచ్చిందనుకుందాం. నాలుగో స్లైడ్‌లో పెద్ద అక్షరాలతో ‘150 కి.మీ. రేంజ్’ అని ఉంది, పక్కన చుక్క గుర్తు. అడుగున ‘ఐడీసీ ప్రకారం, పెద్ద బ్యాటరీ మోడల్‌కు’ అని ఉంది. తొందరలో రాస్తే ‘ఒక్కసారి ఛార్జ్ చేస్తే 150 కి.మీ. నడుస్తుంది’ అని వచ్చేస్తుంది. ఐడీసీ అంటే ఇండియన్ డ్రైవింగ్ సైకిల్. ల్యాబ్‌లో బండి చక్రాన్ని రోలర్ మీద ఉంచి, ముందే నిర్ణయించిన వేగాల్లో నడిపే పరీక్ష అది. వెనక ఇంకో మనిషి కూర్చున్నా, ఫ్లైఓవర్లు ఎక్కినా, వేగంగా నడిపినా రోడ్డు మీద అంత దూరం రాదు. అందుకని ‘పెద్ద బ్యాటరీ మోడల్‌కు ఐడీసీ పరీక్ష ప్రకారం 150 కి.మీ. రేంజ్ ఉందని కంపెనీ తెలిపింది’ అని రాయాలి. ‘ఏఆర్ఏఐ ధ్రువీకరించింది’ అని చేర్చాలనిపించినా, స్లైడ్‌లో ఆ మాట లేకపోతే సర్టిఫికెట్ చూశాకే చేర్చాలి.

ఏడో స్లైడ్‌లో ‘12,000 బుకింగ్‌లు’ అని ఉంది, కింద ‘499 రూపాయలు, రద్దు చేసుకుంటే వాపసు’ అని ఉంది. బుకింగ్ అమ్మకం కాదు. ‘12,000 మంది బుక్ చేసుకున్నారు’ అనడానికీ ఆధారం చాలదు, ఒకే మనిషి రెండు బళ్లు బుక్ చేసి ఉండొచ్చు. ‘వాపసు ఇచ్చే 499 రూపాయల మొత్తంతో 12,000 బుకింగ్‌లు వచ్చాయి’ అంటే సరిపోతుంది.

తొమ్మిదో స్లైడ్‌లో రెండు పట్టీల గ్రాఫ్ ఉంది. ఏప్రిల్‌లో 1,000 బళ్లు, సెప్టెంబర్‌లో 3,000 బళ్లు అమ్ముడయ్యాయి. అమ్మకాలు మూడు రెట్లయ్యాయి. అంటే పెరుగుదల 200 శాతమే గానీ, 300 శాతం కాదు. ఈ లెక్క తరచూ తప్పుతుంది. పైగా గ్రాఫ్‌లో ఉన్నవి రెండు నెలలే. మధ్య నెలల్లో ఏం జరిగిందో తెలియకుండా ‘నెలనెలా పెరుగుతున్న అమ్మకాలు’ అని రాయకూడదు.

పదకొండో స్లైడ్‌లో ఆరు రాష్ట్రాల మీద చుక్కలు పెట్టిన మ్యాప్ ఉంది. దాని శీర్షిక ‘2027 మార్చి నాటికి’. ఇక్కడ క్రియతోనే అర్థం మారిపోతుంది. ‘ఆరు రాష్ట్రాలకు విస్తరించింది’ అంటే అబద్ధం, ‘విస్తరించాలని లక్ష్యంగా పెట్టుకుంది’ అంటే నిజం. లిస్టెడ్ కంపెనీ అయితే ఇలాంటి వాక్యాన్ని చూసి షేర్లు కొనేవారూ ఉంటారు.

ఇలాంటివి పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. నోట్ చిత్తు ప్రతిలోని ప్రతి వాక్యాన్నీ పట్టికలో ఎడమ వైపు రాయాలి. కుడి వైపు దానికి ఆధారమైన స్లైడ్ నంబరు, దాని షరతు రాయాలి. కుడి గడి ఖాళీగా మిగిలిన వాక్యం గురించి కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే ఆ వాక్యాన్ని తీసేయాలి. ‘దేశంలోనే తొలి’, ‘అత్యంత సురక్షితమైన’ లాంటి మాటలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. స్లైడ్‌లో ‘బ్యాటరీ ఏఐఎస్-156 ప్రమాణానికి అనుగుణంగా ఉంది’ అని ఉన్నా ‘అత్యంత సురక్షితమైన’ అనే మాట నిలవదు. మన దేశంలో అమ్మే, రిజిస్ట్రేషన్ అవసరమైన ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు ఆ ప్రమాణాన్ని అందుకోవాల్సిందే. కనీస అర్హత ఉన్నంత మాత్రాన మిగతా వాటికన్నా మెరుగని చెప్పినట్టు కాదు.

మేనేజింగ్ డైరెక్టర్ పేరుతో వచ్చే వ్యాఖ్యకూ ఇదే కొలత. ఆ వ్యాఖ్యను చాలాసార్లు పీఆర్ వారే రాసి ఆయన ఆమోదం తీసుకుంటారు. పట్టికలో ఆధారం దొరకక తీసేసిన వాక్యం కొటేషన్ గుర్తుల మధ్య తిరిగి వచ్చిందేమో చూడాలి. ఆయన ఆశను ఆశగా, నమ్మకాన్ని నమ్మకంగా రాయవచ్చు. అంకెలు, పోలికలు ఉంటే మాత్రం స్లైడ్ ఆధారం ఉండాల్సిందే.

శీర్షికను చివర్లో రాయాలి. పట్టికలో నెగ్గిన వాక్యాల్లోంచే దాన్ని తీసుకోవాలి. ‘150 కి.మీ. స్కూటర్ వచ్చేసింది’ కన్నా ‘ఐడీసీ రేంజ్ 150 కి.మీ.తో కొత్త స్కూటర్’ కాస్త చప్పగా అనిపించవచ్చు. కానీ రేపు కొన్నవారి బండి 110 కి.మీ. దగ్గర ఆగితే, కంపెనీ ధైర్యంగా చూపించగలిగేది ఈ రెండో శీర్షికనే.