మూడు కాగితాలు, పన్నెండు మాత్రలు, ఒక పట్టిక

ఆసుపత్రి వార్డులో మంచం పక్కనున్న స్టూలు మీద కోడలు ఒక క్యారీ బ్యాగు బోర్లించింది. సగం వాడిన మందుల స్ట్రిప్పులు, మడతలు పడ్డ మూడు డిశ్చార్జి సమ్మరీలు బయటపడ్డాయి. మంచం మీద 67 ఏళ్ల పెద్దాయన ఉన్నారు. నాలుగు రోజులుగా నిలబడితే చాలు, కళ్లు తిరుగుతున్నాయి. బీపీ 96/60 ఉంది. మోచేతుల మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు పడ్డాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.4 వచ్చింది. ఆయన ఏ ఒక్కరో కాదు. మన ఊళ్లలో బీపీ, షుగర్, గుండె జబ్బు మూడూ ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో కనిపించే పరిస్థితినే ఇక్కడ ఒక ఉదాహరణగా మలిచాం.

ఇలాంటి చోట క్లినికల్ ఫార్మసిస్టు చేసే పనిని మెడికేషన్ రీకన్సిలియేషన్ అంటారు. పలు కాగితాల్లో పలు రకాలుగా ఉన్న మందులన్నిటినీ ఒకే పట్టికలోకి తెచ్చి, ఏది ఉండాలో ఏది పోవాలో డాక్టరు చేత తేల్పించడమే ఆ పని. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వల్ల కలిగే హానిని తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పుడు ప్రత్యేకంగా దృష్టి పెట్టమన్న మూడు విషయాల్లో రోగి ఒకచోటి నుంచి మరోచోటికి మారే సమయం ఒకటి. పెద్దాయన ఏడాదిలోపు మూడుసార్లు ఆసుపత్రిలో చేరారు. ప్రతిసారీ ఒక కొత్త కాగితంతో ఇంటికి వచ్చారు.

జనవరిలో గుండెపోటు వస్తే స్టెంటు వేశారు. ఆ కాగితంలో ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, అటోర్వాస్టాటిన్ 40, మెటోప్రొలాల్, టెల్మా హెచ్ రోజుకొకటి, గ్లైకోమెట్ జీపీ 1 రెండు పూటలా ఉన్నాయి. జూలైలో వాంతులు, విరేచనాలతో వేరే ఆసుపత్రిలో చేరారు. ఆ కాగితం మందుల జాబితాలో ఆమ్లోడిపిన్, లినాగ్లిప్టిన్ రెండే ఉన్నాయి. కింద ‘మిగతా మందులు యథాతథం’ అని ఒక ముక్క రాసి ఉంది. నవంబరులో న్యుమోనియాతో మూడో ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ ఎకోస్ప్రిన్ గోల్డ్ 20, మెటోప్రొలాల్, టెల్మా హెచ్, గ్లైకోమెట్ జీపీ 1 రాశారు.

అన్నిటికంటే కొత్తదైన నవంబరు కాగితాన్నే నమ్మితే సరిపోదా అని చాలామంది అనుకుంటారు. ఈ పనిలో మొదటి పొరపాటు అక్కడే జరుగుతుంది.

ఫార్మసిస్టు ముందుగా పట్టికలో వరుసలు గీసింది. ఒక్కో వరుసకు బ్రాండు పేరు పెట్టలేదు, అసలు మందు పేరు పెట్టింది. మన దగ్గర ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి అమ్మడం మామూలు. టెల్మా హెచ్‌లో టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటాయి. గ్లైకోమెట్ జీపీ 1లో మెట్‌ఫార్మిన్ 500, గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రాము ఉంటాయి. ఎకోస్ప్రిన్ గోల్డ్ 20లో ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, అటోర్వాస్టాటిన్ 20 మూడూ ఉంటాయి. బ్రాండు పేర్లతో చూస్తే నవంబరులో ఒక కొత్త మాత్ర చేరినట్టే ఉంటుంది. విడగొట్టి చూస్తే, జనవరి నాటి మూడు మందులే మళ్లీ వచ్చాయని తెలుస్తుంది.

తర్వాత ఒక్కో కాగితానికి ఒక్కో నిలువు గడి కేటాయించింది. ఇక్కడ ఆమె కచ్చితంగా పాటించిన నియమం ఒకటుంది. కాగితంలో మందు పేరు లేకపోతే గడిలో ‘రాయలేదు’ అనే రాయాలి, ‘ఆపారు’ అని రాయకూడదు. జూలై కాగితంలో ఆస్పిరిన్ లేదు. దాన్ని ఆపమన్నారని తీసుకుంటే, స్టెంటు వేసి ఆరు నెలలు కూడా నిండని మనిషికి అందులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ‘ఆపారు’ అని రాయడానికి ఆ మాట ఎక్కడో ఒకచోట కనిపించాలి.

అది కనిపించింది, కానీ జాబితాలో కాదు. జూలై సమ్మరీ రెండో పేజీలో, చికిత్స వివరాల మధ్య ఉంది. కిడ్నీలు దెబ్బతినడంతో టెల్మా హెచ్, గ్లైకోమెట్ జీపీ ఆపేశామని, రెండు వారాల తర్వాత రక్తపరీక్ష చూసి నిర్ణయించాలని రాశారు. ఆ పరీక్షకు ఎవరూ వెళ్లలేదు.

మరి ఆపేసిన మందులు నవంబరులో ఎలా తిరిగొచ్చాయి? రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే జవాబు దొరికింది. మెటోప్రొలాల్ స్పెల్లింగులో జనవరి కాగితంలో పడిన తప్పే నవంబరు కాగితంలోనూ ఉంది. మందుల వరుస కూడా అదే. కంగారులో కొడుకు తన ఫోన్‌లో ఉన్న జనవరి కాగితం ఫొటో చూపిస్తే, దాన్ని చూసి ఎక్కించారు. తేదీ కొత్తదే గాని సమాచారం పాతది. జూలై నిర్ణయం ఆ ఆసుపత్రికి చేరనే లేదు.

చివరి నిలువు గడి అన్నిటికన్నా ముఖ్యమైనది. పెద్దాయన నిజంగా ఏం వేసుకుంటున్నారో అందులో రాయాలి.

“పొద్దున లేచిన దగ్గర్నుంచి మామయ్యగారు ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో చూపించండమ్మా” అని ఫార్మసిస్టు అడిగింది. కోడలు స్ట్రిప్పులు ఒక్కొక్కటే తీసి పెట్టింది. గోల్డ్ కొన్నారు, పాత మూడూ మానలేదు. జూలైలో ఇచ్చిన రెండూ నడుస్తున్నాయి. చివరికి ఇంకో స్ట్రిప్పు మిగిలింది.

“ఇవి మోకాళ్ల నొప్పికి షాపులో ఇచ్చినవండీ, పూటకొకటి. ఇవి కూడా చెప్పాలా?”

అది ఎసిక్లోఫెనాక్ కలిసిన నొప్పి మాత్ర. మూడు కాగితాల్లో ఎక్కడా లేదు. దెబ్బతిన్న కిడ్నీలను అది ఇంకా దెబ్బతీస్తుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెంచుతుంది. అన్నీ లెక్కపెడితే రోజుకు పన్నెండు మాత్రలు తేలాయి.

పట్టికలో తేడాలు ఎక్కువగా ఉన్న వరుసలు ఇలా కనిపించాయి. అంకెలన్నీ రోజుకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయి.

| మందు | జనవరి | జూలై | నవంబరు | వేసుకుంటున్నది | డాక్టరు నిర్ణయం |
|---|---|---|---|---|---|
| ఆస్పిరిన్ | 75 | రాయలేదు | 75 | 150 | 75 |
| క్లోపిడోగ్రెల్ | 75 | రాయలేదు | 75 | 150 | 75 |
| అటోర్వాస్టాటిన్ | 40 | రాయలేదు | 20 | 60 | 40 |
| టెల్మిసార్టన్ | 40 | ఆపారు | 40 | 40 | ఆపాలి |
| మెట్‌ఫార్మిన్ | 1000 | ఆపారు | 1000 | 1000 | ఆపాలి |
| ఎసిక్లోఫెనాక్ | రాయలేదు | రాయలేదు | రాయలేదు | ఉంది | ఆపాలి |

చేతుల మీద మచ్చలకు కారణం మొదటి రెండు వరుసల్లో ఉంది. కళ్లు తిరగడానికి కారణం టెల్మా హెచ్, ఆమ్లోడిపిన్, మెటోప్రొలాల్ మూడూ ఒకేసారి పడటంలో ఉంది. క్రియాటినిన్ 2.4 అంటే ఈ వయసులో కిడ్నీల వడపోత సామర్థ్యం నిమిషానికి సుమారు 29 మిల్లీలీటర్లు. 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ ఇవ్వకూడదు. గ్లిమిపిరైడ్ వల్ల షుగర్ ఒక్కసారిగా పడిపోయే భయం కూడా ఉంటుంది.

పట్టిక ఇంతవరకే చెప్పగలదు. చివరి గడి నింపే అధికారం ఫార్మసిస్టుది కాదు. ఆమె ప్రతి తేడా పక్కన ఒక ప్రశ్న రాసి డాక్టరు ముందు పెట్టింది. డాక్టరు గుండె వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడారు. స్టెంటుకు ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఉండాలి, కాకపోతే ఒక్కొక్కటే. గోల్డ్ తీసేశారు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు మెటోప్రొలాల్ ఉన్నట్టుండి మాన్పించకూడదు గనక దాన్ని ఉంచారు. లినాగ్లిప్టిన్‌కు కిడ్నీ జబ్బు ఉందని మోతాదు మార్చే పని లేదు, అదీ ఉంది. ఆమ్లోడిపిన్ ఎదురుగా మాత్రం ‘తాత్కాలికంగా ఆపాం’ అని రాసి, మళ్లీ బీపీ చూసి నిర్ణయించాల్సిన తేదీ, డాక్టరు పేరు చేర్చారు. జూలైలో లోపించింది సరిగ్గా ఇదే.

ఇంట్లో పెద్దవాళ్లకు మందులు చూసుకునేవాళ్లు రెండు పనులు గుర్తుంచుకోవాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కాగితం ఫొటో ఒక్కటే కాకుండా, షాపులో అడిగి కొన్నవాటితో సహా స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి. డిశ్చార్జి రోజున ఏవి కొత్తవి, ఏవి కొనసాగాలి, ఏవి ఎందుకు ఆపారు అని అడిగి రాయించుకోండి.

పెద్దాయన ఇంటికి వెళ్లేనాటికి రోజుకు పన్నెండు మాత్రలు అయిదయ్యాయి. కోడలు వార్డులోనే మిగతా స్ట్రిప్పులన్నీ వేరు చేసి, ఫార్మసిస్టు చేతికిచ్చి వెళ్లింది.