పచ్చి మొలకలు కడిగినా ఎందుకు ప్రమాదం?

పశువులకు మేతగా వేసే లూసర్న్ గడ్డే అల్ఫాల్ఫా. దాని గింజల మొలకలను పచ్చిగా తింటే కొందరికి వాంతులు, విరేచనాలు ఎందుకవుతాయి?

పొలంలో పశువుల పేడ నుంచో, మురికి నీటి నుంచో సాల్మొనెల్లా, ఈ.కోలై బ్యాక్టీరియాలు గింజ పైకి చేరతాయి. పెంకు మీది సన్నని పగుళ్లలో దాక్కుంటాయి. గింజ పొడిగా ఉన్నంతకాలం అవి పెరగవు. మొలకెత్తించడానికి మనం ఇచ్చే తడి, వెచ్చదనం వాటికీ కావలసినవే. రెండు రోజుల్లో కొద్దిపాటి క్రిములు లక్షలవుతాయి. కడిగితే పైపైనివి పోతాయి, పగుళ్లలోనివి పోవు. వాసన, రంగు మారవు కాబట్టి చూసి కనిపెట్టలేం. 2011లో జర్మనీలో వేల మందిని జబ్బుపడేలా చేసినవి మన వంటింటి మెంతుల మొలకలే!

గోధుమ గడ్డి రసమూ పచ్చిదే. ట్రేలలో ఒత్తుగా పెంచితే మొదళ్ల దగ్గర బూజు పట్టవచ్చు. బూజు లేకపోయినా, ఖాళీ కడుపుతో తాగితే కొందరికి వికారం కలుగుతుంది. దాన్ని 'ఒంట్లో విషం బయటికి పోతోంది' అనడం ఒట్టి మాట.

చిన్నపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి మొలకలు తినకూడదు. లూపస్ ఉన్నవారు అల్ఫాల్ఫాను పూర్తిగా మానాలి. అందులోని కెనవానిన్ ఆ జబ్బును రేపవచ్చు. మిగతావారు మొలకలను పొగలు వచ్చేదాకా బాగా ఉడికించి తింటే క్రిములు చచ్చిపోతాయి.