సిరిసిల్ల చీర కోసం ఆష్‌బర్న్ నుంచి వచ్చిన ఏడు వందల మంది

2017లో మొదలైన ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు కొన్నేళ్ల పాటు పెద్ద ఆసరా అయింది. సర్కారే కొంటున్నప్పుడు చీరను ఎవరు చూశారు, ఎవరు నచ్చి కూడా కొనకుండా వెళ్లిపోయారు అన్న ఆరా నేసేవాళ్లకు అక్కర్లేదు. అదే చీరను వెబ్‌సైటులో పెట్టి జగిత్యాల నుంచి జెడ్డా దాకా అమ్మాలనుకుంటే మాత్రం ఆ ఆరాతోనే పని మొదలవుతుంది. అలాంటి చిన్న దుకాణంలో మార్కెటింగ్ ఇంటర్న్‌గా చేరిన డిగ్రీ విద్యార్థికి మేనేజర్ సాధారణంగా అప్పజెప్పే మొదటి పని ఇది: పోయిన నెల ట్రాఫిక్ రిపోర్టు చూసి, పనికొచ్చే మూడు మాటలు చెప్పు. చాలామంది రిపోర్టులోని మూడు పెద్ద అంకెలు తీసి స్లైడ్ మీద పెట్టేస్తారు. నా వాదన వేరు. రిపోర్టులో కనిపించిన అంకెను పడగొట్టగల మామూలు కారణాలన్నీ వెతకాలి. వాటన్నిటికీ నిలబడి, దాన్ని బట్టి దుకాణం ఏదో ఒకటి మార్చుకోగలిగితేనే దాన్ని మేనేజర్ ముందు పెట్టాలి. ఇందుకోసం ఒక ఊహా దుకాణాన్ని తీసుకుందాం. కింది లెక్కలు నేను కల్పించినవే కానీ, గూగుల్ అనలిటిక్స్ 4 పనిచేసే తీరు, మన ఊళ్ల పరిస్థితి మాత్రం ఉన్నవున్నట్టే.

2025 సెప్టెంబరు రిపోర్టు తెరిస్తే 4,000 సెషన్లు కనిపించాయి. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో 2,500. అరవై శాతం పెరుగుదల! ఇంటర్న్ చెయ్యి వెంటనే స్లైడ్ మీదికి పోయేది ఇక్కడే. కానీ అనలిటిక్స్ ‘పోయిన ఏడాది ఇదే సమయం’ అన్నప్పుడు ఇంగ్లిషు తేదీలనే పోలుస్తుంది, బతుకమ్మ తిథిని బట్టి వస్తుంది. ఎంగిలిపూల బతుకమ్మ 2024లో అక్టోబరు 2న వచ్చింది, 2025లో సెప్టెంబరు 21న. అంటే ఒక ఏడాది సెప్టెంబరులో పండగకు ముందు రోజులే ఉన్నాయి, మరో ఏడాది సెప్టెంబరులో పండగే ఉంది. ఈ రెండు నెలలను పక్కపక్కన పెడితే పెరిగింది గిరాకీయా, జరిగింది క్యాలెండరా అన్నది తేలదు. పోల్చాల్సింది ఎంగిలిపూల రోజుకు ముందు ముప్పై రోజులను: ఆగస్టు 22 నుంచి సెప్టెంబరు 20 దాకా ఒక వైపు, ముందటేడు సెప్టెంబరు 2 నుంచి అక్టోబరు 1 దాకా మరో వైపు. తేదీల పెట్టెలో ‘కస్టమ్’ ఎంచుకుంటే రెండు నిమిషాల పని. అలా పోల్చినప్పుడు మన దుకాణానికి 2024లో 2,800, 2025లో 3,700 సెషన్లు వచ్చాయనుకుందాం. పెరుగుదల ముప్పై రెండు శాతానికి దిగింది. ఇప్పటికీ బాగానే ఉంది, కానీ పరీక్ష ఇంకా అయిపోలేదు.

ఊళ్ల వారీ జాబితా తెరిస్తే రెండో వరుసలో ఆష్‌బర్న్ ఉంది, 760 సెషన్లతో. అమెరికా తెలుగువాళ్లకు ఈ పేరు చెప్పక్కర్లేదు. వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఉన్న ఆ ఊళ్లో మన కుటుంబాలు చాలానే ఉన్నాయి, కాబట్టి సిరిసిల్ల చీరను అక్కడ చూస్తున్నారంటే ఎవరైనా నమ్మేస్తారు. చిక్కేమిటంటే ప్రపంచంలోనే అతిపెద్ద డేటా సెంటర్ల గుంపుల్లో ఒకటి కూడా అక్కడే ఉంది. వెబ్‌సైట్లను తిరగేసే యంత్రాల్లో చాలా భాగం అక్కడి సర్వర్ల నుంచే బయలుదేరతాయి. తనకు తెలిసిన బాట్లను అనలిటిక్స్ దానంతటదే తీసేస్తుంది, తెలియనివి లెక్కలో మిగిలిపోతాయి. మనిషినీ యంత్రాన్నీ విడదీయడానికి ఊరి పేరు చాలదు. అదే వరుసకు పరికరం, సగటు ఎంగేజ్‌మెంట్ సమయం, ఏ గంటలో వచ్చారు అన్నవి జోడించి చూడాలి. మన లెక్కలో 700 సెషన్లు డెస్క్‌టాప్ నుంచి వచ్చి, ఒక్క పేజీ తాకి, సున్నా సెకన్లలో పోయాయి. పగలూ రాత్రీ తేడా లేకుండా ఒకే ధారగా వచ్చాయి. మిగతా అరవై మొబైల్ నుంచి, అక్కడి సాయంత్రం వేళ వచ్చి, నిమిషానికి పైగా ఉండి, రెండు మూడు చీరలు తెరిచి చూశాయి. ఆ అరవై మంది మనవాళ్లే అయ్యుంటారు. ఆష్‌బర్న్‌ను మొత్తంగా కొట్టేస్తే వాళ్లూ పోతారు, మొత్తంగా ఉంచితే యంత్రాలు మన కొనుగోలుదారులైపోతాయి. ఏడు వందలు తీసేస్తే 3,000 మిగిలాయి. ముందటేడు ఇలాంటి ధార లేదని అదే పద్ధతిలో సరిచూసుకున్నాక, అసలు పెరుగుదల సుమారు ఏడు శాతం. మేనేజర్‌కు చెప్పాల్సిన మొదటి సంగతి ఇది: పండగ ముందు గిరాకీ ఏడు శాతమే పెరిగింది, అరవై శాతం చూసి అదనపు సరుకు నేయించకండి. ‘సంతోషంగా ఉన్న మేనేజర్‌కు చేదు కబురు చెప్పడం ఇంటర్న్ పనా’ అని అడిగేవాళ్లు ఉంటారు. నేయించిన చీరలు గోదాంలో మిగిలిపోయాక చెప్పడం కంటే ఇది నయం.

రెండో సంగతి `Direct` అనే వరుసలో ఉంది. మిగిలిన 3,000 సెషన్లలో సగం, అంటే 1,500, అందులోనే పడ్డాయి. దాన్ని చదివి ‘సగం మంది మన పేరు గుర్తుపెట్టుకుని నేరుగా వస్తున్నారు, బ్రాండ్ పాతుకుపోయింది’ అని రాయడం ఇంటర్న్‌లు ఎక్కువగా చేసే పొరపాటు. నిజానికి `Direct` అంటే ఎక్కడి నుంచి వచ్చారో అనలిటిక్స్‌కు తెలియలేదని మాత్రమే. వాట్సాప్‌లో పంపిన లింకును నొక్కి వచ్చినప్పుడు ఎక్కడి నుంచి వచ్చామన్న సమాచారం తరచుగా వెంట రాదు, అలాంటి రాకడలన్నీ ఈ వరుసలోనే చేరతాయి. దీన్ని పరీక్షించే దారి ల్యాండింగ్ పేజీ. పేరు గుర్తుండి టైపు చేసేవాళ్లు హోమ్ పేజీలో దిగుతారు. పొడవాటి చిరునామా ఉన్న ఒక్క చీర పేజీని చేత్తో టైపు చేసేవాళ్లు ఉండరు. 1,500లో 1,100 సెషన్లు అలాంటి ఒక్కో చీర పేజీ మీదే మొదలైతే, అవి ఎవరో ఎవరికో పంపిన లింకులు. దుబాయ్‌లో ఉన్న భర్తకు కోరుట్లలోని భార్య ‘ఇది ఎట్లుంది’ అని పంపినవి కావచ్చు, కాలనీ గ్రూపులో తిరిగినవి కావచ్చు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. ఎస్ఎమ్మెస్, ఈమెయిల్ యాప్, దాచుకున్న బుక్‌మార్క్ నుంచి వచ్చినా ఇలాగే కనిపిస్తుంది కదా, వాట్సాప్ అని ఎలా చెప్తారు? చెప్పకూడదు. ‘పంపుకున్న లింకుల ద్వారా వస్తున్నారు, వాట్సాప్ అని అనుమానం’ అన్నంత వరకే రిపోర్టు మోస్తుంది. అనుమానాన్ని తేల్చడానికి వచ్చే నెలకు ఒక ఏర్పాటు అడగాలి. ప్రతి చీర కింద వాట్సాప్ షేర్ బటన్ పెట్టి, దాని నుంచి వెళ్లే లింకుకు ఇలా తోక తగిలించాలి:

```
https://example.com/cheera/12?utm_source=whatsapp&utm_medium=social&utm_campaign=bathukamma
```

ఈ తోక ఉన్న లింకుతో వచ్చిన సెషన్ `Direct`లో కాకుండా సోషల్ వరుసలో పడుతుంది. ఒక జాగ్రత్త అవసరం: ఒకచోట `whatsapp`, ఇంకోచోట `WhatsApp` అని రాస్తే అవి రెండు వేర్వేరు మూలాలుగా కనిపిస్తాయి, అంచేత అన్నీ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. బటన్ వాడకుండా చిరునామాను కాపీ చేసి పంపేవాళ్లు ఎలాగూ లెక్కకు దొరకరు. కాబట్టి వచ్చే అంకె కనీస అంచనాయే తప్ప పూర్తి లెక్క కాదు. అయినా ప్రకటనలకు పెట్టే ఖర్చులో కొంత మంచి ఫొటోలకూ, ముందుకు పంపడానికి వీలైన పేజీలకూ మళ్లించాలా అన్నది తేల్చుకోవడానికి ఆ కనీసం చాలు.

‘మరి మన కోరుట్ల నుంచి ఎవరూ రావట్లేదా, జాబితాలో ఊరే లేదు’ అని మేనేజర్ అడగవచ్చు. ఊరి పేరు ఐపీ చిరునామాను బట్టి వేసే అంచనా. కోరుట్లలో మొబైల్ డేటా మీద చూసేవాళ్లు హైదరాబాద్ పేరుతో నమోదు కావడం మామూలే. దేశం వరకు నమ్మవచ్చు, మనవైపు చిన్న ఊళ్ల లెక్కను మాత్రం ఫలితంగా చూపకూడదు. దానికి ఆర్డర్ల పుస్తకంలోని డెలివరీ చిరునామాలే దిక్కు.

దేశాన్ని నమ్మవచ్చు అన్నాను కాబట్టి మూడోది అక్కడి నుంచే. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఎందరో. సైటులో కొనుగోలు మెట్లు `begin_checkout`, `add_shipping_info`, `add_payment_info`, `purchase` అన్న పేర్లతో నమోదవుతాయి. ఇండియా నుంచి 300 మంది చెక్‌అవుట్ మొదలుపెడితే 180 మంది కొన్నారు. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్ కలిపి 80 మంది మొదలుపెడితే కొన్నది 16 మంది. ఇక్కడ ఆగి ‘గల్ఫ్‌వాళ్లు కొనరు’ అని రాస్తే తప్పు. ఏ మెట్టు దగ్గర జారారో చూడాలి. ఎనభైలో 72 మంది డెలివరీ చిరునామా నింపారు, అంటే చీర నచ్చింది, ఎవరికి పంపాలో తెలుసు. డబ్బు కట్టే పేజీని దాటింది 24 మందే. ఇంటర్న్ ఇక రిపోర్టు పక్కన పెట్టి ఫోనులో ఆ పేజీ తెరవాలి. ఓటీపీ కోసం అడిగే మొబైల్ నంబరు గడి 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెల నంబరునే తీసుకుంటోంది. దేశం కోడ్ తీసేస్తే యూఏఈ, సౌదీ మొబైల్ నంబర్లకు తొమ్మిది అంకెలు, కువైట్‌కు ఎనిమిది. చీర నచ్చి, కోరుట్ల ఇంటి చిరునామా రాసిన మనిషి ఆ గడి దగ్గర ఆగిపోయాడు.

ఎనభై మంది అన్నది చిన్న సంఖ్య, దాంతో శాతాలు తేల్చకూడదన్నది నిజమే. కానీ ఇక్కడ శాతం మీద ఏదీ ఆధారపడలేదు. 48 మంది ఒకే మెట్టు మీద ఆగారు, ఆపిన కారణం ఆ పేజీలోనే కళ్లకు కనిపిస్తోంది. ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది: అక్కడ కుదరక ఇంటికి ఫోన్ చేసి కట్టించి ఉంటారు, అప్పుడు ఆ అమ్మకం ఇండియా లెక్కలో చేరి ఉంటుంది, నష్టమేమీ లేదు. కొందరి విషయంలో అలాగే జరిగి ఉంటుంది, అనలిటిక్స్ ఆ ఇద్దరినీ కలిపి చూపలేదు. అందుకే 48 చీరలు పోయాయని చెప్పకూడదు. ‘ఈ గడి గల్ఫ్ నంబర్లను ఆపుతోంది, దేశం కోడ్ ఎంచుకునే వీలు పెట్టి, ఓటీపీ ఈమెయిల్‌కు కూడా పంపండి, నెల తర్వాత ఇవే మెట్లు మళ్లీ చూద్దాం’ అని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. మూడింటిలో ముందు చేయాల్సింది కూడా నా లెక్కన ఇదే. మార్చడానికి డెవలపర్‌కు ఒక పూట పని, చేయకపోతే ప్రతి పండగకూ ఇదే కథ.

ఇవన్నీ రాసి ఇచ్చేటప్పుడు ఒక్క పేజీ దాటకూడదు. ఒక్కో సంగతికీ ఏం కనిపించింది, దాన్ని ఇంకెలా అర్థం చేసుకోవచ్చు, ఏం మార్చాలి అన్నంత చాలు. రిపోర్టు తీసిన తేదీ కూడా వేయాలి, ఎందుకంటే చివరి ఒకటి రెండు రోజుల లెక్కలు ఆ తర్వాత కూడా మారుతుంటాయి.

ఈ సంచిక చదివే మీలో చాలామంది ఇలాంటి దుకాణాల లింకులు గ్రూపుల్లో పంపేవాళ్లే. పంపేముందు ప్రశ్నార్థకం తర్వాత ఉన్న పొడవాటి తోకను చెత్త అనుకుని కత్తిరించకండి. ఇందాక చూపిన తోకలో మీ పేరూ ఉండదు, నంబరూ ఉండదు. చీర చూసిన మనిషి వాట్సాప్ నుంచి వచ్చారని సిరిసిల్లలోని దుకాణానికి చెప్పేది అదొక్కటే.