డబ్బు పోయింది, డేటా రాలేదు: రిఫండ్ కోరుతూ టెలికాం కంపెనీకి రాసే లేఖ

ప్రీపెయిడ్ నంబరుకు డేటా ప్యాక్ వేయించుకున్నాక బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గినా ఫోనులో ప్యాక్ మొదలుకాకపోతే, ముందు ఆ డబ్బు ఎక్కడ ఆగిందో చూడాలి. లేఖ ఎవరికి రాయాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

చెల్లించిన యాప్‌లో లావాదేవీ ‘ఫెయిల్డ్’ అనో ‘పెండింగ్’ అనో ఉంటే సొమ్ము సాధారణంగా టెలికాం కంపెనీకి చేరనట్టే. ఆ వ్యవహారం బ్యాంకుది. రిజర్వ్ బ్యాంకు 2019లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు ఖాతాలో తగ్గి, వ్యాపారి వైపు నిర్ధారణ కాకపోతే 5 రోజుల్లో తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ‘సక్సెస్’ అని ఉండి, రీఛార్జ్ అందినట్టు కంపెనీ మెసేజ్ కూడా వస్తే, అప్పుడు జవాబు చెప్పాల్సింది కంపెనీయే.

రెండో దశలో, ప్యాక్ నిజంగా మొదలుకాలేదని నిర్ధారించుకోవాలి. డేటా యాడ్-ఆన్ ప్యాక్‌లు చాలావరకు అప్పటికే నడుస్తున్న మూల ప్లాన్ మీద ఆధారపడతాయి. మూల ప్లాన్ గడువు తీరిపోతే యాడ్-ఆన్ పనిచేయదు. ఒక్కోసారి కొత్త ప్యాక్, పాతది అయిపోయేదాకా వరుసలో ఉంటుంది. అందుకే కంపెనీ యాప్‌లో మూల ప్లాన్ గడువు, ప్యాక్‌ల జాబితా, మిగిలిన డేటా కనిపించేలా ఆ రోజే స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోవాలి. ‘ప్యాక్ ఇచ్చాం, గడువు తీరింది’ అని కంపెనీ తర్వాత అంటే వాటితోనే బదులివ్వవచ్చు.

లేఖకు ముందు 198 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. నమోదైనట్టు డాకెట్ నంబరు ఇస్తారు. ఆ నంబరు లేని లేఖను పాత ఫిర్యాదుతో జోడించడం కష్టం. తర్వాత కంపెనీ వెబ్‌సైట్‌లో ఇచ్చిన ఫిర్యాదుల ఈమెయిల్‌కు లేఖ పంపాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. జూన్ 4న 99 రూపాయల యాడ్-ఆన్ కోసం యూపీఐలో చెల్లింపు జరిగింది. రీఛార్జ్ విజయవంతమైందని మెసేజ్ వచ్చింది. మూల ప్లాన్ జూన్ 28 వరకు ఉంది. అయినా డేటా పెరగలేదు. అప్పుడు లేఖ ఇలా ఉండవచ్చు:

విషయం: మొదలుకాని డేటా ప్యాక్‌కు తీసుకున్న 99 రూపాయల వాపసు – డాకెట్ నంబరు ......

అయ్యా,
నా మొబైల్ నంబరు ...... కు జూన్ 4 సాయంత్రం 7.10కి 99 రూపాయల డేటా ప్యాక్ కోసం యూపీఐ ద్వారా చెల్లించాను. యూటీఆర్ నంబరు ....... రీఛార్జ్ పూర్తయినట్టు 7.12కి మీ మెసేజ్ వచ్చింది. నా మూల ప్లాన్ జూన్ 28 వరకు అమల్లో ఉన్నా, మీ యాప్‌లో ఈ ప్యాక్ కనిపించలేదు, డేటా జమ కాలేదు. జూన్ 5న 198లో ఫిర్యాదు చేశాను.
ఇప్పుడు ఆ ప్యాక్ నాకు అవసరం లేదు. దాన్ని మొదలుపెట్టకుండా, 99 రూపాయలను నేను చెల్లించిన ఖాతాకే వాపసు చేయగలరు. ప్యాక్ ఇచ్చామని మీరు భావిస్తే, అది మొదలైన తేదీ, సమయం, వాడిన డేటా వివరాలు తెలపగలరు.
జతపరచినవి: చెల్లింపు రసీదు, మీ మెసేజ్, యాప్ స్క్రీన్‌షాట్లు.

ఇందులో రెండు వాక్యాలు ముఖ్యం. ప్యాక్ ఇక వద్దని రాయకపోతే, కంపెనీ దాన్ని ఆలస్యంగా మొదలుపెట్టి ఫిర్యాదు పరిష్కారమైందని మూసివేయవచ్చు. వాడకం వివరాలు అడగడం వల్ల ‘మా రికార్డుల ప్రకారం సరిగానే ఉంది’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం కుదరదు. లేఖలో ఓటీపీ, యూపీఐ పిన్ ఎప్పుడూ రాయకూడదు.

ఛార్జీలకు సంబంధించిన ఫిర్యాదుల్లో 98 శాతాన్ని 4 వారాల్లో, మొత్తాన్ని 6 వారాల్లో పరిష్కరించాలని, తేలిన సొమ్మును ఆపై వారంలో సర్దుబాటు చేయాలని ట్రాయ్ ప్రమాణాలు పెట్టింది. పరిష్కారం నచ్చకపోయినా, గడువు దాటినా అదే కంపెనీలోని అప్పీలేట్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీలు చేయవచ్చు. దీనికి రుసుము లేదు. అప్పీలుపై 39 రోజుల్లో నిర్ణయం రావాలి. పాత లేఖకు డాకెట్ నంబరు, కంపెనీ ఇచ్చిన జవాబు, అది ఎందుకు సరికాదో తెలిపే ఒకటి రెండు వాక్యాలు చేరిస్తే అదే అప్పీలు అవుతుంది.

విడి ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు. అప్పీలులోనూ న్యాయం దొరకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. టెలికాం సేవల వివాదాలు వినే అధికారం వినియోగదారుల కమిషన్లకు ఉందని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు అక్కడ ఫిర్యాదు వేయాలి.