మూడు దుకాణాల లెక్కలు

కంపెనీలో అకౌంట్స్ చూసేవాళ్లకు 11, 20 తేదీల గురించి ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కి 11 ఆఖరు రోజు. పన్ను కట్టి దాఖలు చేయాల్సిన 3బికి 20 ఆఖరు రోజు. ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు నాలుగు దుకాణాల లెక్కలు రాసి పైసంపాదన చేసుకుందామనుకునే అకౌంటెంట్లలో చాలామంది ముందు ఆలోచించేది ఫీజు గురించి. నన్నడిగితే ముందు చూడాల్సింది తేదీలు. ఆఫీసులో పని ముంచుకొచ్చే రోజుల్లోనే బయటి పని కూడా వచ్చి పడితే మూడో నెలకే రెండూ చెడతాయి.

ఒక ఉదాహరణ అనుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాలు అమ్మే ఓ కంపెనీలో ఆమె అకౌంటెంటు. బీకాం చదివింది, ట్యాలీ కొట్టిన పిండి, జీతం నెలకు 30 వేలు. వాళ్ల వీధిలోని హార్డ్‌వేర్ షాపాయన అడిగాడు: "అమ్మా, మా ఆడిటరుగారి గుమస్తా మానేశాడు. నువ్వు చూస్తావా? నెలకో పదిహేను వందలిస్తాలే." ఒప్పుకోవాలా వద్దా?

ఒప్పుకునే ముందు ఇంట్లో బీరువా తీసి అపాయింట్‌మెంట్ లెటర్ చదవాలి. ఉద్యోగంలో ఉండగా వేరే ఏ పనీ, వ్యాపారమూ చేయకూడదన్న షరతు చాలా కంపెనీల లెటర్లలో ఉంటుంది. చేరిన రోజు సంతకం పెట్టినవాళ్లలో దాన్ని చదివినవాళ్లు తక్కువ. 2022 సెప్టెంబరులో విప్రో తన పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారంటూ 300 మందిని తీసేసింది. అదే నెలలో రెండు పడవల ప్రయాణం కుదరదని ఉద్యోగులను హెచ్చరించిన ఇన్ఫోసిస్, మరుసటి నెలలో కొంత మెత్తబడి, పోటీ లేని చిన్న బయటి పనులను పైఅధికారి అనుమతితో చేసుకోవచ్చంది. ఈ రెండింటిలో తెలుసుకోవాల్సిన తేడా ఉంది. ఇంకో సంస్థలో ఉద్యోగిగా చేరడం ఒకటి, ఫీజు తీసుకుని పని చేసిపెట్టడం మరొకటి. మొదటిదైతే పీఎఫ్ ఖాతాలో ఒకే నెలకు రెండు కంపెనీల జమలు కనబడతాయి. రెండోదానికి పీఎఫ్ ఉండదు కానీ, లెటర్‌లో షరతు ఉంటే అనుమతి దీనికీ కావాలి. ప్రభుత్వోద్యోగులకైతే ప్రవర్తనా నియమాలే అడ్డు. ముందస్తు అనుమతి లేకుండా ఈ వ్యాసంలో మిగతాదేదీ వాళ్లకు పనికిరాదు.

అనుమతి అడిగే ఉత్తరం నాలుగు వాక్యాలు చాలు. ఏ పని, ఆఫీసు వేళలు దాటాకే చేస్తానని, కంపెనీ ల్యాప్‌టాప్ గానీ ట్యాలీ లైసెన్సు గానీ వాడనని, కంపెనీతో కొనుగోలు అమ్మకాలున్నవారి పని తీసుకోనని. చివరి మాట అన్నిటికన్నా ముఖ్యం. ఏ డీలరుకు ఎంత డిస్కౌంటు ఇస్తున్నారో అకౌంటెంటుకు తెలుసు. ఆ డీలరు దుకాణం లెక్కలు కూడా తనే రాస్తే ఎన్ని ప్రమాణాలు చేసినా ఎవరూ నమ్మరు. హార్డ్‌వేర్ షాపుకూ ఆటోనగర్ కంపెనీకీ లావాదేవీల్లేవు కాబట్టి ఆ చిక్కు లేదు.

ఇక తేదీల సంగతి. ఏడాది టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటని వ్యాపారులకు మూడు నెలలకోసారి రిటర్ను వేసే వీలుంది. దాన్ని క్యూఆర్ఎంపీ అంటారు. ఇందులో త్రైమాసికం ముగిశాక 13లోగా జీఎస్టీఆర్-1, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనైతే 22లోగా 3బి వేయాలి. మధ్యలోని రెండు నెలల పన్ను మాత్రం ఆ తరువాతి నెల 25లోగా చలానాతో కట్టాలి. దానికీ సులువైన దారి ఉంది. కిందటి త్రైమాసికంలో నగదుగా కట్టిన పన్నులో 35 శాతంతో పోర్టలే చలానా తయారుచేసి ఇస్తుంది, యజమాని కడితే సరిపోతుంది. అంటే రిటర్నుల ఒత్తిడి ఏడాదికి నాలుగు నెలల్లోనే, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లోనే ఉంటుంది. మిగతా ఎనిమిది నెలలూ బిల్లులు ఎక్కించుకుంటూ పోవడమే. నెలనెలా రిటర్ను వేసే దుకాణమైతే 11, 20 తేదీలు సరిగ్గా ఆఫీసు తేదీల మీదే వచ్చి కూర్చుంటాయి. అలాంటివాటికి ఎంత ఫీజిచ్చినా నేనైతే వద్దంటాను.

ఒక మెలిక ఉంది. ఆ దుకాణం ఇతర జీఎస్టీ వ్యాపారులకు సరుకు అమ్మేదైతే, కొన్నవాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ నెలనెలా కనబడాలి. అందుకు ఆ బిల్లులను మధ్య నెలల్లో కూడా 13లోగా పోర్టల్లో ఎక్కించాల్సి వస్తుంది. కౌంటరు మీద అమ్ముకునే దుకాణానికి ఈ బాధ లేదు. అందుకే తొలి దుకాణంగా చిల్లర వ్యాపారి మేలు. కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లయితే ఇంకా తేలిక. మూడు నెలలకోసారి 18లోగా పన్ను కట్టి ఒక చిన్న ఫారం, ఏడాదికో రిటర్ను, అంతే. క్రెడిట్ సరిచూసే పనే ఉండదు.

అసలు శ్రమ ఎక్కడుందో చూద్దాం. హార్డ్‌వేర్ షాపుకు నెలకు 90 కొనుగోలు బిల్లులొస్తాయనుకోండి. ఒక్కోదానికి నాలుగు నిమిషాల చొప్పున ఆరు గంటలు. రోజువారీ అమ్మకాలు ఎక్కించి, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడటానికి రెండు గంటలు. ఫోన్లు, వాట్సాప్‌లో అస్పష్టంగా వచ్చిన ఫొటోలు మళ్లీ తెప్పించుకోవడం, త్రైమాసికం చివరి పనిలో నెలవారీ వాటా కలిపి మరో రెండు గంటలు. మొత్తం పది. షాపాయన చెప్పిన 1500కి గంటకు 150 పడుతుంది. నెలకు 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటల లెక్కన ఆఫీసు జీతమే గంటకు 144 అవుతోంది. నిద్ర మానుకుని ఆరు రూపాయలు ఎక్కువ సంపాదించడం బేరమా? 2500 అడగాలి. ఇవ్వలేనంటే ఆ పని తీసుకోకపోవడమే మంచిది, ఎందుకంటే మొదట ఒప్పుకున్న ఫీజు తరువాత పెరిగిన దాఖలాలు తక్కువ. ఇలాంటివి మూడు దుకాణాలైతే నెలకు 30 గంటలు, 7500 రూపాయలు. ఉద్యోగం ఉన్న మనిషికి అదే హద్దు అని నా అభిప్రాయం. ఆరు దుకాణాలైతే 60 గంటలవుతాయి, ఆదివారాలు వదిలేస్తే రోజూ రెండు గంటలకు పైనే.

త్రైమాసికం ముగిశాక 14న పోర్టల్లో 2బి వస్తుంది. సరుకు సరఫరా చేసినవాళ్లు తమ రిటర్నుల్లో చూపిన బిల్లుల జాబితా అది. దాన్ని మన దగ్గరున్న కొనుగోలు పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూడాలి. 22లోగా మిగిలేది ఎనిమిది రోజులే, పని తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ తేడా తెలిసేదీ ఇక్కడే. మన పుస్తకంలో ఉండి 2బిలో లేని బిల్లుందంటే, సరఫరాదారు రిటర్ను వేయలేదనో, మన జీఎస్టీ నంబరులో అంకె తప్పు కొట్టాడనో, దాన్ని నంబరు లేని అమ్మకం కింద చూపేశాడనో అర్థం. అలాంటి బిల్లు మీద క్రెడిట్ ఇప్పుడు తీసుకోకూడదు. అతను సరిచేశాక వచ్చే త్రైమాసికంలో తీసుకోవచ్చు. 2బిలో ఉండి మన దగ్గర లేని బిల్లయితే ఇంకా జాగ్రత్త. ఆ బిల్లు షాపాయన సొరుగులో ఉండిపోయి ఉండాలి, లేదా ఎవరో పొరపాటున మన నంబరు మీద బిల్లు రాసి ఉండాలి. జాబితా రాసి యజమానికి పంపి, "ఈ నలుగురికి మీరే ఫోన్ చేయండి" అనాలి. డబ్బిచ్చి సరుకు కొన్నవాడు ఫోన్ చేస్తే జరిగే పని, గుమస్తా చేస్తే జరగదు.

అమ్మకాల వివరాల్లో తప్పు దొర్లితే 3బిలో దిద్దుకుందామనుకునే పాత అలవాటు ఇక చెల్లదు. జీఎస్టీఆర్-1 నుంచి 3బిలోకి దానంతటదే వచ్చే పన్ను మొత్తాన్ని 2025 జులై నుంచి మార్చనివ్వడం లేదు. 3బి వేయకముందే జీఎస్టీఆర్-1ఎలో సరిదిద్దాలి. అందుకే 13న వేసినదాన్ని మర్నాడో ఆ మర్నాడో మరోసారి చూసుకోవడం మంచిది.

ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, లావాదేవీల్లేని రిటర్నయితే 20 రూపాయలు ఆలస్య రుసుము. దానిపైన, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. ఆ రుసుము ఎవరు పెట్టుకోవాలన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ప్రతి నెలా 5లోగా బిల్లులందితే ఆలస్యానికి బాధ్యత నాది, ఆ తరువాత ఇస్తే మీది అని వాట్సాప్‌లో ఒక్క మెసేజి పెట్టి, అవునని జవాబు తెప్పించుకుంటే చాలు. స్టాంపు పేపర్లు అక్కర్లేదు.

ఇంకో రెండు విషయాల్లో పట్టుదల ఉండాలి. పోర్టల్లో నమోదైన ఫోన్ నంబరు, ఈమెయిలు యజమానివే ఉండాలి. సౌకర్యం కోసం తన నంబరు పెట్టుకునే అకౌంటెంట్లను చూస్తుంటాం. రేపు నోటీసు వస్తే దుకాణదారుకు తెలియదు, ఆ నిందంతా మన మీదికొస్తుంది. ఓటీపీ ఆయన ఫోనుకే రావాలి, ఆయన చూసి చెప్పాలి. అలాగే పన్ను డబ్బు ఒక్క రూపాయి కూడా మన ఖాతాలోకి రాకూడదు. చలానా తయారుచేసి పంపితే ఆయనే తన బ్యాంకు నుంచి కట్టుకుంటాడు. ఆయన లాగిన్‌తో, ఆయన ఎదుట రిటర్నుకు సాయం చేయడం వరకు ఇబ్బంది లేదు. మన పేరు మీద లాగిన్‌తో నలుగురి రిటర్నులూ వేయాలంటే జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు చేసుకుని పరీక్ష రాయాలి, బీకాం వాళ్లకు ఆ అర్హత ఉంది.

ఫీజు ఎప్పుడూ బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. ఏడాదికి 90 వేలు వచ్చాయనుకుంటే, దాన్ని వృత్తి ఆదాయంగా చూపాలి. జీతం మాత్రమే ఉన్నవాళ్లు వేసే ఐటీఆర్-1 అప్పుడు కుదరదు. ఆమె ఆదాయానికి కొత్త విధానంలో పన్ను పడదు, అయినా రిటర్ను వేయడంలో లాభముంది. ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు రిటర్నులో చూపిన ఆదాయాన్నే బ్యాంకు లెక్కలోకి తీసుకుంటుంది. జీతం పెద్దదై పాత పన్ను విధానం లాభించేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. వ్యాపార, వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు ఏటా అటూ ఇటూ మారలేరు. కొత్తదాన్ని వదిలి పాతదానికి వెళ్లి, మళ్లీ కొత్తదానికి వచ్చారంటే ఆ ఆదాయం ఉన్నంతకాలం ఇక అక్కడే.

మొదలుపెట్టడానికి ఏప్రిల్ మంచి నెల కాదు, ఆఫీసులో ఏడాది ఖాతాలు ముగించే హడావిడి ఉంటుంది. ఆగస్టు మేలు. అప్పటికి జులై రిటర్నులు అయిపోయి, అక్టోబరు దాకా బిల్లులు ఎక్కించుకుంటూ దుకాణం పద్ధతి తెలుసుకునే వ్యవధి దొరుకుతుంది. ఒప్పుకున్న దుకాణం ఇప్పుడు నెలవారీ రిటర్నుల్లో ఉంటే, అక్టోబరు-డిసెంబరు త్రైమాసికం నుంచి క్యూఆర్ఎంపీకి మార్చుకునే గడువు ఆగస్టు 1 నుంచి అక్టోబరు 31 వరకే. అంతకుముందు వేయాల్సిన 3బి బాకీ ఉంటే పోర్టల్ మారనివ్వదు.