ముట్టింది ఎంత, మిగిలింది ఎంత

ఏడో నిజాం పెద్ద కుమారుడు, బేరారు యువరాజు ఆజం జా ఒక నగల వ్యాపారి దగ్గర నగలు కొని, వాటి బాపతు ప్రామిసరీ నోటు రాసిచ్చారు. వడ్డీతో కలిపి ఆ బాకీ 27 లక్షల రూపాయలు దాటింది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక రాకుమారుల అప్పులు తేల్చడానికి ఒక కమిటీ ఏర్పడింది. ఈ బాకీకి 20 లక్షలు ఇస్తే చాలని ఆ కమిటీ నిర్ణయించింది. వ్యాపారి ఆ సొమ్ము తీసుకుని, పూర్తిగా ముట్టిందని నోటు మీద చెల్లు రాసి ఇచ్చాడు. తర్వాత మిగిలిన ఏడు లక్షల చిల్లర కోసం దావా వేశాడు. ఆ దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1962లో వ్యాపారి ఓడిపోయాడు. పూర్తిగా ముట్టిందని రాసి సొమ్ము తీసుకున్నాక మిగతాది అడిగే హక్కు లేదని కోర్టు తేల్చింది.

ఈ తీర్పుకు ఆధారం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 63వ సెక్షన్. రావలసిన వాడు తక్కువ సొమ్ముకే తృప్తిపడి బాకీ వదిలేయవచ్చని, అందుకు ప్రతిఫలం ఏమీ అక్కర్లేదని ఆ సెక్షన్ చెబుతుంది. ఇంగ్లండులో దారి వేరు. పెద్ద బాకీకి చిన్న మొత్తం ఇచ్చి, అదనంగా మరేమీ ఇవ్వకుండా బాకీ తీరిందనడం అక్కడ చెల్లదని 1884లోనే అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. మన దగ్గర ఆ రక్షణ లేదు. కాబట్టి కొంత సొమ్ము అందినప్పుడు ఇచ్చే రసీదులో ఏ మాట రాశామన్నదాని మీదే మిగతా బాకీ నిలుస్తుంది.

ఒక మామూలు ఉదాహరణ చూద్దాం. గుంటూరులో ఒక వైరింగ్ కాంట్రాక్టరు ఒక ప్రైవేటు స్కూలు కొత్త బ్లాకుకు కరెంటు పని పూర్తి చేశాడనుకుందాం. పని విలువ 2,00,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 36,000, మొత్తం బిల్లు 2,36,000. బిల్లు నంబరు 47, తేదీ 2025 జూన్ 10, చెల్లింపు గడువు 30 రోజులు, అంటే జూలై 10. జూలై 8న స్కూలు ఖాతా నుంచి నెఫ్ట్ ద్వారా లక్ష రూపాయలు వచ్చాయి. అదే సాయంత్రం స్కూలు అకౌంటెంటు ఫోన్ చేశాడు: "అన్నా, పేమెంటు వేసేశాం, ఒక రసీదు పంపండి, ఆడిట్ ఫైల్లో పెట్టుకోవాలి."

ఇక్కడే చాలామంది వాట్సాప్‌లో "పేమెంటు అందిందండీ, ధన్యవాదాలు" అని పంపి ఊరుకుంటారు. ఇంకొందరు పాత రబ్బరు స్టాంపు తీసి బిల్లు కాపీ మీద 'పెయిడ్' అని ముద్ర కొట్టి ఇచ్చేస్తారు. ఈ రెండింటిలో రెండోది మరీ ప్రమాదం. ఏడాది తర్వాత స్కూలులో అకౌంటెంటు మారిపోతాడు. కొత్తగా వచ్చినవాడు ఫైలు తీస్తే 47వ నంబరు బిల్లు మీద 'పెయిడ్' అని కనిపిస్తుంది. ఎంత ఇచ్చారో, ఎంత ఆగిందో ఆ ముద్ర చెప్పదు. మోసం చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేకపోయినా బాకీ కాగితం మీద మాయమవుతుంది. కోర్టు ఒక్క ముద్రను చూసి మొత్తం బాకీ రద్దయిందని అనకపోవచ్చు. కానీ తీరలేదని నిరూపించే బరువు కాంట్రాక్టరు నెత్తిన పడుతుంది.

అతను రాయాల్సింది ఇలా ఉండాలి:

"మా బిల్లు నంబరు 47, తేదీ 10-06-2025, మొత్తం రూ. 2,36,000. ఈ బిల్లు బాపతు 08-07-2025న మీ ఖాతా నుంచి నెఫ్ట్ ద్వారా రూ. 1,00,000 (అక్షరాలా లక్ష రూపాయలు) పాక్షిక చెల్లింపుగా అందింది. మీరు మినహాయించినట్లు తెలిపిన టీడీఎస్ రూ. 2,000. ఈ రెండూ పోగా ఈ బిల్లు మీద మాకు రావలసిన బాకీ రూ. 1,34,000. దీని గడువు ముందు అనుకున్నట్లే 10-07-2025. ఈ రసీదు పైన చెప్పిన పాక్షిక చెల్లింపుకు మాత్రమే. బిల్లు పూర్తిగా తీరినట్లు కాదు."

చివర సంతకం, తేదీ. నెఫ్ట్ వివరాల్లో యూటీఆర్ నంబరు కూడా రాస్తే రేపు బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చడం తేలిక. నగదు తీసుకుని ఇచ్చే రసీదు అయితే, మొత్తం 5,000 రూపాయలు దాటినప్పుడు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం చేయాలి.

ఇందులో టీడీఎస్ సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. కాంట్రాక్టు పనికి వ్యక్తిగత యజమానికి చెల్లించేటప్పుడు ఒక శాతం పన్ను మినహాయిస్తారు. జీఎస్టీని బిల్లులో విడిగా చూపితే ఆ శాతం అసలు విలువ మీదే లెక్క వేస్తారు. అందుకే 2,00,000 మీద 2,000. స్కూలు తన పుస్తకాల్లో బిల్లు మొత్తం ఎక్కించిన రోజునే ఈ 2,000 మినహాయిస్తుంది, డబ్బు ఎన్ని విడతల్లో ఇచ్చినా సరే. కాంట్రాక్టరు దీన్ని పట్టించుకోకుండా బాకీ 1,36,000 అని రాస్తే, స్కూలు లెక్కలో 1,34,000 ఉంటుంది. రెండు వేల తేడా దగ్గర మొదలైన వాదన మొత్తం బాకీనే ఆపేస్తుంది. "ముందు లెక్క సరిచేసుకురండి, తర్వాత చూద్దాం" అని అకౌంట్స్ విభాగం ఫైలు పక్కన పెట్టేయడానికి అంత తేడా చాలు. మరోవైపు, స్కూలు ఆ పన్ను నిజంగా ప్రభుత్వానికి కట్టిందో లేదో కాంట్రాక్టరు తన 26ఏఎస్ ఫారంలో చూసుకునేదాకా తెలియదు. అందుకే రసీదులో "మీరు మినహాయించినట్లు తెలిపిన" అని రాయడం. ఆ మూడు మాటలు అనవసరంగా కనిపించవచ్చు గానీ, తన పేరున పన్ను జమ కానప్పుడు అడగడానికి అవే ఆధారం.

గడువు విషయంలో కూడా జాగ్రత్త కావాలి. మొహమాటం కొద్దీ "మిగతాది మీ వీలు చూసుకుని పంపండి" అని రాసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. మాట మర్యాదగానే ఉంటుంది. కానీ జూలై 10 గడువును తానే చెరిపేసినట్లు అవుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోగా చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. వీలు చూసుకోమని రాసిన ఉత్తరం ఎదుటివారి చేతిలో ఉంటే ఆ వడ్డీ అడగడం కష్టమవుతుంది. మర్యాదను పలకరింపులో చూపించవచ్చు, తేదీని మాత్రం కదపకూడదు.

ఇదే స్కూలుకు అంతకు ముందు చేసిన పనికి ఇంకో పాత బిల్లు కూడా బాకీ ఉందనుకోండి. వచ్చిన లక్ష దేనికి జమ? కాంట్రాక్టు చట్టం 59, 60 సెక్షన్ల ప్రకారం, ఫలానా బిల్లుకని చెల్లించినవాడు చెబితే దానికే వేయాలి. చెప్పకపోతే, సందర్భాన్ని బట్టి కూడా తెలియకపోతే, పుచ్చుకున్నవాడు తనకు నచ్చిన బాకీకి జమ వేసుకోవచ్చు. ఆ జమ ఏ బిల్లుకు వేశాడో రసీదులోనే రాసేయాలి. ట్యాలీలో ఏ బిల్లు అన్నది చూపకుండా 'ఆన్ అకౌంట్' కింద ఎక్కించి వదిలేస్తే రెండు బిల్లులూ తీరనట్లే కనిపించి, ఏదీ తేలదు.

ఇక అన్నిటికంటే చిక్కైన పరిస్థితి వేరే ఉంది. లక్షకు బదులు లక్షన్నర చెక్కు వచ్చింది, దానితోపాటు ఒక ఉత్తరం: "ఈ బిల్లుకు ఇదే ఆఖరి చెల్లింపు. అంగీకారం కాకపోతే చెక్కు తిరిగి పంపండి. ఉంచుకుంటే ఒప్పుకున్నట్లే." ఇలాంటి ఉత్తరాలు రైల్వే ఒక వ్యాపార సంస్థకు పంపింది. ఆ సంస్థ చెక్కులు మార్చుకుని, తర్వాత మిగతా సొమ్ము అడిగింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సంస్థకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అభ్యంతరం చెక్కు మార్చుకోవడానికి ముందే రాతలో చేరి ఉంటే అది ఒప్పుకున్నట్లు కాదు. ముందు మార్చుకుని తర్వాత అభ్యంతరం చెబితే, నడవడిక ద్వారా ఒప్పుకున్నట్లే అని కోర్టు అంది.

కాబట్టి అలాంటి ఉత్తరం వచ్చిన రోజు చెక్కు బ్యాంకుకు వెళ్లకూడదు. ముందు జవాబు వెళ్లాలి: "మీ షరతు మాకు సమ్మతం కాదు. ఈ చెక్కును పాక్షిక చెల్లింపుగా జమ చేసుకోవడానికి మీకు అభ్యంతరం లేదని రాసి పంపితే బ్యాంకులో వేస్తాం, లేకపోతే తిప్పి పంపుతాం." డబ్బు అవసరంలో ఉన్న చిన్న కాంట్రాక్టరుకు ఇది చేదు నిర్ణయమే. అయినా చెక్కు వేశాక రాసే ఏ ఉత్తరానికీ ఈ ఒక్క ఉత్తరానికి ఉన్న బలం ఉండదు. నెఫ్ట్‌లో అయితే సొమ్ము అడగకుండానే ఖాతాలో పడిపోతుంది. రిమార్కులో 'ఫుల్ అండ్ ఫైనల్' అని కనిపిస్తే అదే రోజు మెయిల్ పంపాలి. షరతు ఒప్పుకోవడం లేదని, కావాలంటే సొమ్ము వెనక్కి పంపడానికి సిద్ధమని, లేకపోతే దాన్ని పాక్షిక చెల్లింపుగా మాత్రమే తీసుకుంటామని అందులో చెప్పాలి.

చెక్కు రూపంలో వచ్చిన మామూలు పాక్షిక చెల్లింపుకు కూడా ఒక మాట కలపాలి: "చెక్కు పాసయ్యాకే ఈ జమ లెక్కలోకి వస్తుంది." లేకపోతే చెక్కు బౌన్సయినా, లక్షన్నర ముట్టిందన్న రసీదు ఎదుటివారి దగ్గర ఉండిపోతుంది.

ఇంత జాగ్రత్తగా రాసినా, ఈ రసీదు చేయలేని పని ఒకటి ఉంది. ఇలాంటి బాకీలకు దావా వేయడానికి కాలపరిమితి మామూలుగా మూడేళ్లు. 1963 నాటి లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పాక్షిక చెల్లింపు జరిగితే ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. అయితే ఆ చెల్లింపుకు చెల్లించినవాడి చేతిరాతో, సంతకమో ఉన్న ఆధారం కావాలి. పుచ్చుకున్నవాడు ఇచ్చిన రసీదులో ఉండేది అతని సంతకమే కాబట్టి అది ఇందుకు పనికిరాదు. పల్లెల్లో ప్రామిసరీ నోటు వెనుక చెల్లు రాసేటప్పుడు అప్పు తీసుకున్నవాడి చేతే సంతకం పెట్టించే పద్ధతి ఇందుకే వచ్చింది. చెక్కు మీద కనీసం సంతకం ఉంటుంది, నెఫ్ట్‌లో, యూపీఐలో అదీ ఉండదు.

అందుకని రసీదు పంపేటప్పుడే రెండో కాపీ జతచేసి, కింద ఒక వాక్యం రాసి పెట్టాలి: "08-07-2025న రూ. 1,00,000 చెల్లించాం, 47వ నంబరు బిల్లు మీద రూ. 1,34,000 బాకీ ఉన్నట్లు ధ్రువీకరిస్తున్నాం." దాని కింద స్కూలు తరఫున అధికారం ఉన్నవారి సంతకం, తేదీ తీసుకోవాలి. మార్చి నెలాఖరున ఆడిటర్లు ఎలాగూ బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అడుగుతారు కాబట్టి అప్పుడు ఈ సంతకం రావడం సులభం. మూడేళ్లు నిండకముందే దాన్ని చేతిలో పెట్టుకోండి. గడువు దాటాక పెట్టిన ఒప్పుకోలు సంతకం ఆ కాలపరిమితిని పొడిగించదు.