నిన్న 4,200 వ్యూస్.. ఇవాళ 390! ఛానెల్ పెరుగుతోందా? పడిపోతోందా? లెక్క ఇలా చూడాలి

యూట్యూబ్ ఛానెల్ నడిపేవాళ్లు పొద్దున లేవగానే చూసేది నిన్నటి వ్యూస్. కానీ ఒక్కరోజు నంబర్‌తో ట్రెండ్ తేలదు. చాలా ఛానెళ్లకు శని, ఆదివారాలు వ్యూస్ పెరుగుతాయి, సోమవారం తగ్గుతాయి. అది పతనం కాదు, వారం తిరిగే తీరు అంతే.

అందుకే ఏడు రోజుల సగటు చూడాలి. ఇవాళ్టితో కలిపి వెనక్కి ఏడు రోజుల వ్యూస్ కూడి ఏడుతో భాగించాలి. రేపు ఒక కొత్త రోజు చేరుతుంది, పాతది ఒకటి పోతుంది. దీన్నే మూవింగ్ యావరేజ్ అంటారు. ఏడే ఎందుకంటే, ప్రతి లెక్కలోనూ ఒక శనివారం, ఒక ఆదివారం కచ్చితంగా ఉంటాయి. ఐదు రోజులు తీసుకుంటే వీకెండ్ ఒకసారి లోపల, ఒకసారి బయట పడి గ్రాఫ్ ఊగుతూనే ఉంటుంది.

ఉదాహరణకు ఓ చిన్న వంటల ఛానెల్ అనుకుందాం. సోమవారం నుంచి మొదటి వారం వ్యూస్: 410, 390, 420, 400, 450, 610, 720. సగటు 486. రెండో వారం: 380, 370, 4,200, 390, 420, 560, 650. సగటు 996. అబ్బో, డబుల్ అయిపోయింది! అసలు కథ వేరు. బుధవారం ఎవరో పెద్ద వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో షేర్ చేశారు, అంతే. ఆ ఒక్క నంబర్ ఏడు రోజులపాటు సగటును వెయ్యి దగ్గరే నిలబెడుతుంది. ఎనిమిదో రోజు లెక్కలోంచి జారిపోగానే గ్రాఫ్ ఢమాల్‌. ఆరోజు ప్రేక్షకులెవరూ పోలేదు, పాత బుధవారం మాత్రమే పోయింది.

మరి ఇలాంటి రోజును ముందే పట్టుకునేదెలా? ఆ బుధవారాన్ని పాత బుధవారాలతోనే పోల్చాలి. గత ఐదు బుధవారాలు 395, 430, 405, 440, 420 అనుకోండి. వరుసలో పెడితే మధ్య విలువ 412 కాదు, 418 కాదు, సరిగ్గా 420. ఇప్పుడొచ్చింది దానికి పదింతలు. మూడింతలు దాటినా, మూడో వంతుకు తగ్గినా ఆ రోజుకు గుర్తు పెట్టుకోవడం చిన్న ఛానెళ్లకు సరిపోయే రూల్. అయితే డిలీట్ చేయొద్దు. యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ సోర్స్ చూసి, కారణం పక్కన రాసుకోండి.

ఇప్పుడు రెండు వారాల్లోనూ బుధవారం తీసేసి ఆరు రోజుల సగటు చూద్దాం. మొదటి వారం 497, రెండో వారం 462. అంటే డబుల్ కాలేదు సరికదా, 7 శాతం తగ్గింది! రెండు వారాలతోనే కంగారు అక్కర్లేదు కానీ, మూడో వారం కూడా ఇలాగే ఉంటే ఆలోచించాల్సిందే.

ఒక్క మెలిక ఉంది. పెరిగిన నంబర్ మళ్లీ దిగకుండా అక్కడే ఉంటే దాన్ని పక్కనపెట్టకూడదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్ ప్లే అవ్వడం మొదలైతే చాలు, యూట్యూబ్ వ్యూ కింద లెక్కిస్తోంది. కాబట్టి షార్ట్స్ విషయంలో ఆ తేదీకి ముందు సగటును, తర్వాతి సగటును ఒకే గ్రాఫ్‌లో పోల్చితే లెక్క తప్పుతుంది.